వరదొచ్చినా పండగొచ్చినా తడబడకుండా: లోకల్ పత్రికకు ఎడిటోరియల్ క్యాలెండర్ ఎలా వేసుకోవాలి?

అమలాపురం, భీమవరం, నరసాపురం వైపు ఒకరో ఇద్దరో కలిసి చిన్న పత్రిక, వార్తల పేజీ నడుపుతున్నవాళ్లు నన్ను తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "వరదలప్పుడు ఊపిరి తీసుకునే టైం ఉండదు, ఫిబ్రవరిలో రాయడానికి ఏమీ దొరకదు, సంక్రాంతి ఐటెం ఎప్పుడూ భోగి రోజుకే వస్తుంది. క్యాలెండర్ ఎలా వేసుకోవాలి?" అందుకే పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. మనం రాసేవాటిలో మూడు రకాలుంటాయి. ఎప్పుడు చదివినా పనికొచ్చేవి ఎవర్‌గ్రీన్ ఐటెంలు. ఏటా ఒక కాలంలోనే అవసరమయ్యేవి సీజనల్ ఐటెంలు. మూడోది అప్పటికప్పుడు వచ్చే వార్త. ఈ మూడింటికీ తేదీతో ఉండే సంబంధం వేరువేరు. సీజనల్ ఐటెంకు తేదీ ముందే తెలుసు. వార్తకు తేదీ తెలియదు కాబట్టి చోటు ఖాళీగా ఉంచడం తప్ప చేయగలిగింది లేదు. ఎవర్‌గ్రీన్‌కు తేదీతో పనే లేదు, అది నిల్వ సరుకు. క్యాలెండర్ నింపే వరుస కూడా దీన్నిబట్టే ఉంటుంది. ముందు సీజనల్ రాసుకోవాలి, తర్వాత వార్తకు ఖాళీలు వదలాలి, మిగిలిన చోట్ల ఎవర్‌గ్రీన్ పెట్టాలి. చాలామంది ఎవర్‌గ్రీన్‌తో మొదలుపెట్టి గళ్లన్నీ నింపేస్తారు. వార్త రాగానే అంతా చిందరవందర అవుతుంది.

ఏమేం కావాలి

- గూగుల్ షీట్ లాంటి ఒక స్ప్రెడ్‌షీట్. కంప్యూటర్‌తో అలవాటు లేకపోతే తిథులున్న గోడ క్యాలెండర్, మూడు రంగుల స్కెచ్ పెన్నులు చాలు.
- ఈ ఏడాది పంచాంగం. పాతది కాదు, ఈ ఏడాదిదే.
- కిందటేడు మీరు వేసిన ఐటెంల జాబితా, ఏది ఏ తేదీన వచ్చిందో సహా.
- నాలుగు ఫోన్ నంబర్లు: జలవనరుల శాఖలో ఒకరు, వ్యవసాయ శాఖలో ఒకరు, లంక గ్రామాల్లో ఒకరు, ఆక్వా చెరువుల దగ్గర ఒకరు. నంబర్ ఉంటే సరిపోదు, వరద లేని రోజుల్లో కూడా ఒకసారి పలకరించి ఉండాలి.
- ఒక పూట తీరిక. ఇద్దరుంటే ఇద్దరూ కూర్చోవాలి.

1. వారానికి ఎన్ని ఐటెంలు ఇవ్వగలరో ముందు తేల్చుకోండి

ఆశతో కాదు, అనుభవంతో లెక్క వేయండి. కిందటి మూడు నెలల్లో నిజంగా వారానికి ఎన్ని ఇచ్చారో చూసి, ఆ సంఖ్యే పెట్టుకోండి. ఇద్దరు మనుషులున్న చోట వారానికి నాలుగు అనుకుందాం: సోమ, బుధ, శుక్ర, ఆదివారాలు. ఒక్కరే అయితే రెండు చాలు. ఈ గైడు అంతా నాలుగు లెక్కతోనే చెబుతాను. మీది రెండైతే సగం చేసుకోండి.

2. మీ విషయాలను మూడుగా విడదీయండి

ఇక్కడ ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, కాబట్టి నెమ్మదిగా చేయండి. ఒక విషయం మొత్తంగా ఒకే రకానికి చెందదు. పులసనే తీసుకోండి. ఈ చేప సముద్రం నుంచి గోదావరిలోకి ఎందుకు ఎదురీదుతుంది, గుడ్లు పెట్టడానికి ఎర్రనీటి కాలంలోనే ఎందుకు వస్తుంది అన్నది ఎవర్‌గ్రీన్. అసలు పులస ఏది, పులస పేరుతో అమ్మే వేరే చేప ఏది, కొనేటప్పుడు ఎలా గుర్తుపట్టాలి అన్నది సీజనల్. జులై నుంచి సెప్టెంబరు మధ్యలోనే జనానికి దాని అవసరం. ఈ ఉదయం యానాం రేవులో చేప ఎంతకు పాడుకున్నారన్నది వార్త.

ఈ మూడూ కలిపి ఒకే ఐటెంగా రాస్తే ధర పాతబడగానే మిగతా రెండు భాగాలు కూడా చచ్చిపోతాయి. విడిగా రాస్తే మొదటిది ఏళ్ల తరబడి ఉంటుంది, రెండోది ఏటా కాస్త దిద్ది వాడుకోవచ్చు. మూడోది ఆ రోజుతో అయిపోతుంది, అయినా నష్టం లేదు.

మీ జాబితాలోని ప్రతి విషయాన్నీ ఒక ప్రశ్న అడగండి: "ఇది వచ్చే మార్చిలో చదివితే పనికొస్తుందా?" అవునంటే ఎవర్‌గ్రీన్. "మళ్లీ ఇదే కాలానికి పనికొస్తుంది" అంటే సీజనల్. ఏదీ కాకపోతే వార్త.

3. షీట్ తయారు చేయండి

ఏడు నిలువు వరుసలు చాలు. ఇంతకు మించి పెడితే రెండో నెల నుంచి ఎవరూ నింపరు.

A: వేసే తేదీ
B: ఐటెం
C: రకం (సీజనల్ / ఎవర్‌గ్రీన్ / న్యూస్)
D: పాఠకుడు నిర్ణయం తీసుకునే తేదీ
E: ఆఖరి తేదీ
F: ఎవరు రాస్తారు
G: ఎక్కడిదాకా వచ్చింది

D, E వరుసలే ఈ క్యాలెండర్‌కు ప్రాణం. D గురించి కింది మెట్టులో చెబుతాను. E అంటే ఆ తేదీ దాటాక ఐటెం వేసినా దండగే అన్న రోజు. ఎవర్‌గ్రీన్‌కు E గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ కూడా ఒక సమాచారమే: దీన్ని ఎప్పుడైనా జరపవచ్చు అని.

గోడ క్యాలెండర్ వాడేవాళ్లు సీజనల్‌కు ఎరుపు, ఎవర్‌గ్రీన్‌కు ఆకుపచ్చ పెన్ను వాడండి. న్యూస్‌కు నీలం గీతతో గడి చుట్టూ చతురస్రం గీసి లోపల ఏమీ రాయకండి.

4. సీజనల్ ఐటెంలు: పండగ తేదీ నుంచి కాదు, నిర్ణయం తేదీ నుంచి వెనక్కి లెక్కించండి

ఎక్కువసేపు కూర్చోవాల్సిన మెట్టు ఇదే.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి నరసాపురం, భీమవరం, కాకినాడ రావాలనుకునేవాళ్లకు రైలు టికెట్ల ఐటెం ఎప్పుడు వేయాలి? జనవరిలో వేస్తే ఎవరికీ పనికిరాదు. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల బదులు 60 రోజులైంది. 2027 జనవరి 12న ప్రయాణం చేయాలనుకునేవాడికి బుకింగ్ 2026 నవంబరు 13న తెరుచుకుంటుంది. అంటే పాఠకుడు నిర్ణయం తీసుకునే రోజు నవంబరు 13. ఐటెం అంతకు మూడు నాలుగు రోజుల ముందు, నవంబరు 9 సోమవారం రావాలి. ప్రయాణం తేదీని విడిగా ఒక గడిలో, ఉదాహరణకు H2లో రాస్తే, D2లో ఇలా పెట్టుకోవచ్చు:

```
=H2-60
```

ఇలాగే ప్రతి సీజనల్ ఐటెంకూ "చదివినవాడు దీనితో ఏం చేస్తాడు, ఎప్పుడు చేస్తాడు?" అని అడిగి D నింపండి. మట్టి వినాయకుడి విగ్రహాల ఐటెం చవితి ముందురోజు వేస్తే కమిటీ కుర్రాళ్లు అప్పటికే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం తెచ్చి పందిట్లో పెట్టేసి ఉంటారు. పెద్ద విగ్రహానికి ఆర్డర్ ఇచ్చేది నెల ముందు. కాబట్టి అయిదు వారాల ముందు రావాలి.

కొన్ని తేదీలు ఏటా మారవు. తూర్పు తీరంలో సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. నిషేధంలో మత్స్యకారులకు వచ్చే భృతి గురించి రాయాలంటే నిషేధం మొదలయ్యాక కాదు, మార్చిలోనే రాయాలి. ఎందుకంటే పేర్లు, పత్రాలు సరిచూసుకోవాల్సింది ముందే. సార్వాకు కాలువలకు నీళ్లు వదిలేది జూన్‌లో. విత్తనం, నారుమడి ఐటెంలు మే నెలాఖరుకల్లా వచ్చేయాలి. తుపాన్లకు మే నెల ఒకటి, అక్టోబరు, నవంబరు మరోటి. 1996 నవంబరు 6 నాటి తుపానును కోనసీమలో పెద్దవాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. తుపాను సన్నద్ధత ఐటెం అక్టోబరు మొదటి వారంలో తప్పకుండా ఉండాలి.

*జాగ్రత్త.* తిథితో వచ్చే పండగల తేదీలను కిందటేడు షీట్ నుంచి కాపీ చేయకండి. 2025లో వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో చవితి సెప్టెంబరు 14కు జరిగింది. దసరా కూడా అంతే: 2025లో అక్టోబరు 2, 2026లో అక్టోబరు 20. కిందటేటి తేదీ మీద ఆధారపడితే మట్టి విగ్రహాల ఐటెం రెండున్నర వారాలు ముందే వచ్చి, అసలు జనం వెతికే వేళకు అడుగున పడిపోతుంది. సంక్రాంతి సూర్యుణ్ని బట్టి వస్తుంది కాబట్టి ఒక రోజు అటూఇటూ తప్ప జరగదు. అంతర్వేది కల్యాణం మాఘ శుద్ధ దశమికి, అంటే ఏటా మారుతుంది. అందుకే ఈ ఏడాది పంచాంగం పక్కనే ఉండాలన్నాను.

2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. కిందటివి 2015 జులై 14న మొదలయ్యాయి. పన్నెండేళ్లకోసారి వచ్చే సీజన్‌కు నెల ముందు మొదలుపెడితే చాలదు. పుష్కరాల ఐటెంలకు షీట్‌లో వేరే ట్యాబ్ తెరిచి, ఏడాది ముందు నుంచే నెలకు ఒకటి చొప్పున పెట్టండి. అందులో చరిత్ర, పిండప్రదానం లాంటివి ముందే రాసి పెట్టేయవచ్చు. ఘాట్ల వివరాలు, రైళ్లు, ట్రాఫిక్ మాత్రం ఆఖరి నెలకే వదిలేయండి. అవి చివరిదాకా మారుతూనే ఉంటాయి.

5. వార్తకు ఖాళీ వదలండి. ఎంతన్నది నెలను బట్టి

అన్ని నెలలకూ ఒకే పంపకం మన డెల్టాలో కుదరదు. నేను చెప్పే లెక్క ఇది. వారానికి నాలుగు స్లాట్లున్న చోట జులై, ఆగస్టు, అక్టోబరు, నవంబరు నెలల్లో రెండు స్లాట్లు వార్తకు ఖాళీగా ఉంచి, ఒకటి సీజనల్‌కు, ఒకటి ఎవర్‌గ్రీన్‌కు ఇవ్వండి. డిసెంబరు, జనవరి నెలల్లో సీజనల్‌కు రెండు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎవర్‌గ్రీన్‌కు రెండు. మిగిలిన నెలల్లో ఒక్కొక్కటి ఇచ్చి, నాలుగోది ఆ వారం అవసరాన్ని బట్టి తేల్చుకోండి.

ఖాళీ స్లాట్‌ను చూస్తే నింపాలనిపిస్తుంది. నింపకండి. ఆ రోజు సాయంత్రందాకా వార్త ఏమీ లేకపోతే నిల్వలోంచి ఒక ఎవర్‌గ్రీన్ తీసి వేయండి.

ఆక్వా వార్తలకు ఇది మరీ అవసరం. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలు ప్రకటించగానే రొయ్య ధర గురించి భీమవరం నుంచి అమలాపురం దాకా అందరూ అడిగారు. అలాంటి వార్త ఏ పంచాంగంలోనూ ఉండదు.

6. ఎవర్‌గ్రీన్ నిల్వ పెట్టండి, నిల్వకు గడువు రాయండి

కనీసం ఆరు ఐటెంలు పూర్తిగా రాసి, దిద్ది, ఫొటోలతో సహా సిద్ధంగా ఉండాలి. "సగం అయింది" అన్నది లెక్కలోకి రాదు. ఆరు ఎందుకంటే, రాసేవాళ్లలో ఒకరు రెండు వారాలు జ్వరంతో పడుకున్నా పత్రిక ఆగకూడదు.

వాటిలో రెండు వరదకు సంబంధించినవే ఉండాలి. ఒకటి, ధవళేశ్వరం ప్రమాద హెచ్చరికలంటే ఏమిటి: మొదటిది 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75, ఏ హెచ్చరికకు ఏ లంకలు జాగ్రత్త పడాలి. రెండోది, నీరు తీశాక ఇంట్లో అడుగుపెట్టేముందు కరెంటు, బావినీళ్లు, పాముల విషయంలో చూసుకోవాల్సినవి. ఇవి మేలో రాసి పెట్టుకుంటే ఆగస్టులో ఒక్క నిమిషంలో వేయొచ్చు.

*జాగ్రత్త.* ఎవర్‌గ్రీన్ అంటే ఎప్పటికీ చెడిపోదని కాదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది, కేంద్రం అమలాపురం. అంతకుముందు రాసిన "సర్టిఫికెట్‌కు ఎక్కడ అప్పీల్ చేయాలి" లాంటి ఐటెంలలో కలెక్టరేట్ కాకినాడ అనే ఉంటుంది. దాన్ని నమ్మి మలికిపురం నుంచి ఒక పెద్దాయన కాకినాడ బస్సెక్కితే ఆ పాపం మనదే. రైలు రిజర్వేషన్ 120 రోజులని రాసిన ఐటెం సంగతీ అంతే. అందుకని ప్రతి ఎవర్‌గ్రీన్ పక్కన E గడిలో కాకుండా G గడిలో "మళ్లీ చూడాల్సింది: ఫలానా నెల" అని రాయండి. ఆఫీసులు, ఫీజులు, పథకాలు ఉన్నవైతే ఆరు నెలలకోసారి, చరిత్ర, వంట లాంటివైతే ఏడాదికోసారి చూస్తే చాలు.

7. ఏ మాట వింటే క్యాలెండర్ పక్కన పెట్టాలో ముందే రాసిపెట్టుకోండి

వరద వచ్చినరోజు కూర్చుని "ఏది ఆపుదాం?" అని చర్చించుకుంటే పూట గడిచిపోతుంది. ఆ నిర్ణయం ఎండాకాలంలోనే జరగాలి. షీట్ పైవరుసలో ఇలా రాసుకోవచ్చు:

భద్రాచలంలో 43 అడుగులు దాటితే (మొదటి హెచ్చరిక): తర్వాతి న్యూస్ స్లాట్ వరదకే.
48 దాటితే (రెండో హెచ్చరిక): ఎవర్‌గ్రీన్ స్లాట్లు కూడా వరదకే.
ధవళేశ్వరంలో 13.75 దాటితే: క్యాలెండర్ మొత్తం ఆపి రోజూ ఒక ఐటెం.

భద్రాచలంలో నీరు పెరిగాక ధవళేశ్వరంలో పెరగడానికి కొంత వ్యవధి ఉంటుంది. మీరు సిద్ధమయ్యే సమయం అదే. అయితే భద్రాచలం ఒక్కటే చూసి ఊరుకోకూడదు. శబరి నది గోదావరిలో కలిసేది భద్రాచలం దాటాక, కూనవరం దగ్గర. శబరి పొంగితే భద్రాచలం అంకె మామూలుగా ఉన్నా ధవళేశ్వరానికి నీరు ఎక్కువే వస్తుంది. కాబట్టి మూడూ చూడాలి: భద్రాచలం, కూనవరం, ధవళేశ్వరం.

కనకాయలంక కాజ్‌వే వైపు ఒక రైతు ఓసారి ఫోన్ చేసి అన్నమాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది: "ఆయ్, కాజ్‌వే మునిగిపోయిందని మునిగాక రాస్తే మాకేం లాభమండీ? గొడ్లని ఎప్పుడు గట్టుకి తోలాలో చెప్పండి." వరద మొదటి ఐటెం ఎప్పుడూ ఆ ప్రశ్నకే జవాబుగా ఉండాలి.

ఒక నెల వేసి చూద్దాం: 2026 ఆగస్టు

వరదల నెల కాబట్టి వారానికి రెండు న్యూస్ ఖాళీలు (బుధ, శుక్ర), ఒక సీజనల్ (సోమ), ఒక ఎవర్‌గ్రీన్ (ఆది).

సోమవారాలు ముందు నింపుదాం. 3వ తేదీన ఈ-పంటలో మీ పొలం నమోదైందో లేదో చూసుకోవడం ఎలా. గడువు ఏటా మారుతుంది కాబట్టి వేసేముందు రైతు సేవా కేంద్రంలో అడిగి E గడి నింపాలి. 10న మట్టి విగ్రహాలు ఎక్కడ చేస్తున్నారు, ఎంత ఎత్తుకు ఎన్ని రోజులు పడుతుంది. చవితి సెప్టెంబరు 14 కాబట్టి ఇది సరిగ్గా అయిదు వారాల ముందు. దీని ఆఖరి తేదీ ఆగస్టు 19. 17న పులసను గుర్తుపట్టడం, ఆఖరి తేదీ సెప్టెంబరు 6. 24న పందిళ్లకు పోలీసు, కరెంటు అనుమతులు, ఆఖరి తేదీ ఆగస్టు 28.

3వ తేదీ సోమవారం నుంచి లెక్కేస్తే ఆదివారాలు 9, 16, 23, 30. వరుసగా కొబ్బరిలో తెల్లదోమ, కాటన్ కట్టించిన పాత ఆనకట్ట కథ (1852 నాటికి పూర్తయింది), జనన ధ్రువపత్రంలో పేరు సరిచేయించుకోవడం, కడియం నర్సరీలో మొక్క కొనేటప్పుడు చూడాల్సినవి. వీటికి ఆఖరి తేదీ లేదు. బుధ, శుక్రవారాలు ఖాళీ.

ఇప్పుడు 11వ తేదీ మంగళవారం భద్రాచలం 43 అడుగులు దాటి పెరుగుతోందనుకోండి. బుధవారం 12 ఖాళీగానే ఉంది, కాబట్టి ఏదీ జరపకుండానే మొదటి వరద ఐటెం పడుతుంది: ఏ లంకలు, ఏ కాజ్‌వేలు, పడవలు ఎక్కడ. పక్కనే నిల్వలోని ప్రమాద హెచ్చరికల ఐటెం. గురువారం 48 దాటింది. శుక్రవారం 14 కూడా వరదకే, పునరావాస కేంద్రాలు ఎక్కడ, తాగునీరు సంగతేంటి. ఆదివారం 16న కాటన్ ఆనకట్ట కథ తీసేసి నిల్వలోని "నీరు తీశాక ఇంట్లోకి" వేస్తాం. ఆనకట్ట కథకు ఆఖరి తేదీ లేదు, సెప్టెంబరుకు వెళ్లిపోతుంది.

సోమవారం 17న పులస ఐటెం ఉంది. ఖాళీ ఉన్నా వేయకూడదు. లంకవాళ్లు స్కూలు బిల్డింగుల్లో తలదాచుకుంటుంటే చేప రుచి గురించి రాయడం తగదు. దాని ఆఖరి తేదీ సెప్టెంబరు 6, కాబట్టి 31వ తేదీ సోమవారానికి హాయిగా జరుగుతుంది. ఆ స్థానంలో నీట మునిగిన వరి గురించి. నాటి ఎన్నాళ్లయింది, ఎన్ని రోజులు మునిగింది అన్నదాన్ని బట్టి ఏం చేయాలన్నది మారుతుంది. ఇది మన సొంతంగా రాయకూడదు, మారుటేరు పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను అడిగి రాయాలి.

24న అనుమతుల ఐటెం ఉంది, ఆఖరి తేదీ 28. ఇది ఎక్కువ దూరం జరగదు. ఆ రోజు పంట నష్టం జాబితాల వార్త వచ్చిందనుకోండి, అనుమతులను 26 బుధవారం ఖాళీలోకి దింపుతాం. నెల మొత్తంలో పాడైంది ఏదీ లేదు. రెండు ఐటెంలు ఆ నెలలోనే సర్దుకున్నాయి, ఒక్క ఆనకట్ట కథ మాత్రం సెప్టెంబరుకు వెళ్లింది.

సెప్టెంబరు మొదటి వారంలో ఇంకో పని ఉంటుంది. పంట నష్టం నమోదు గురించి వరదలో హడావిడిగా రాసిన వార్తను తీసి, "నిన్న", "ఈసారి" లాంటి మాటలు, అధికారుల పేర్లు తీసేసి, ఎవరిని కలవాలి, ఏ పత్రాలు, పేరు లేకపోతే ఏం చేయాలి అన్నది మాత్రం ఉంచి ఎవర్‌గ్రీన్‌గా మార్చండి. వార్తలోంచి నిల్వ సరుకు తయారయ్యేది ఇలాగే. వేడి చల్లారకముందే చేయండి, రెండు నెలలు పోతే ఎవరిని అడిగారో కూడా గుర్తుండదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

సీజనల్ ఐటెంకు ఆఖరి తేదీ గడి ఖాళీగా వదిలేయడం అన్నిటికంటే ఎక్కువ. అప్పుడు వార్త రాగానే చేతికందిన ఐటెంను జరిపేస్తారు, అది చవితి అనుమతులదే అవుతుంది.

రెండోది, ఒకే సీజన్‌కు అన్నీ పోగేయడం. సంక్రాంతికి కోడిపందేలు, జగ్గన్నతోట ప్రభల తీర్థం, పూతరేకులు, పిండివంటలు, ముగ్గులు, రైళ్లు అని పది ఐటెంలు జనవరి 8 నుంచి 14 మధ్య కుక్కేస్తారు. వీటిలో రైళ్లు నవంబరుకు పోవాలి. ఆత్రేయపురం పూతరేకులు కొరియర్‌లో తెప్పించుకునే ఐటెం డిసెంబరు చివర్లో రావాలి. ప్రభల తీర్థం కనుమనాడు కాబట్టి దారి, బస్సులు నాలుగైదు రోజుల ముందు. పండగ వారంలో నిజంగా మిగిలేవి మూడు నాలుగే.

ఇంకొకటి, నిల్వను వాడేసి మళ్లీ నింపకపోవడం. ఒకటి తీస్తే ఆ నెలాఖరులోగా ఒకటి చేర్చాలి.

సరిగ్గా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

నెలాఖరున పావుగంట చాలు. ముందు ఏ రకం ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. షీట్‌లో ఆగస్టు వార్తల సంఖ్యకు:

```
=COUNTIFS(C:C,"న్యూస్",A:A,">="&DATE(2026,8,1),A:A,"<="&DATE(2026,8,31))
```

"న్యూస్" బదులు "సీజనల్", "ఎవర్‌గ్రీన్" పెట్టి మిగతావీ చూడండి. C వరుసలో ఒకచోట "న్యూస్", ఇంకోచోట "వార్త" అని రాస్తే లెక్క తప్పుతుంది. మాట ఒక్కటే వాడాలి. వార్తలు వరుసగా మూడు నెలలు మీరు వదిలిన ఖాళీలకంటే ఎక్కువ వస్తుంటే ఖాళీలు పెంచండి. సగం ఖాళీలు నిల్వతోనే నిండుతుంటే తగ్గించండి.

తర్వాత సీజనల్ ఐటెంలలో ఎన్ని D తేదీకి ముందే వచ్చాయో చూడండి. ఒక్కటి తప్పినా ఎందుకు తప్పిందో పక్కన రాయండి, వచ్చే ఏడాది షీట్‌కు అదే ఆధారం. పాఠకులే దీనికి మంచి కొలత: "పందిరి పర్మిషన్ గురించి రాయలేదేంటండీ?" అని ఫోన్ వచ్చిందంటే మీరు ఆలస్యమైనట్టే.

చదివినవాళ్ల సంఖ్య చూసేటప్పుడు మూడు రకాలనూ ఒకే గీటురాయి మీద పెట్టకండి. వార్తను రెండు రోజుల్లో చూడండి. సీజనల్‌ను D తేదీ నాటికి ఎంతమంది చదివారో చూడండి, పండగ దాటాక వచ్చిన సంఖ్యతో పని లేదు. ఎవర్‌గ్రీన్‌ను మొదటి వారంలో అసలు తీర్పు తీర్చకండి. మూడో నెలలో కూడా ఎవరో ఒకరు వెతుక్కుని వచ్చి చదువుతుంటే అది మంచి ఎవర్‌గ్రీన్. మూడో నెలకు ఎవరూ రావడం లేదంటే అది ఎవర్‌గ్రీన్ అనుకుని మీరు రాసిన వార్త. C గడిలో రకం మార్చి, నిల్వ లెక్కలోంచి తీసేయండి.